మైనస్ ముప్పై నాలుగు

పోయినేడు జులై 12న ఆళ్లగడ్డలో మా చిన్నాయన బట్టల కొట్లో ఒక పెద్దమ్మ బిల్లు చీటీ నా ముందు పెట్టి అడిగింది: "ఏం నాయనా, డబ్బులు కట్టి చీరలు కొన్నది నేను. ఇప్పుడు నేనే మీకు బాకీనా?"

చీటీ కింద "మీ పాయింట్లు: -34" అని ఉంది.

ఆ అంకె వేసింది నేను రాసిన సాఫ్ట్‌వేర్. మా చిన్నాయనకు నంద్యాలలో పెద్ద కొట్టు, ఆళ్లగడ్డలో చిన్న కొట్టు ఉన్నాయి. రెండిటికీ కలిపి పాయింట్ల లెక్క చూసే ప్రోగ్రామ్ ఒకటి సెకండియర్ సెలవుల్లో రాసిచ్చాను. మినీ ప్రాజెక్టుగా కూడా అదే చూపించి మార్కులు తెచ్చుకున్నాను. "ఇందులో ఏముంది? కొంటే కూడాలి, వాడితే తీసెయ్యాలి" అనుకున్నా. ఆ పెద్దమ్మ ముందు నిలబడినప్పుడు అసలు లెక్క నాకే తెలియదని అర్థమైంది. మనలో చాలామంది షాపింగ్ యాప్‌ల లాంటివి ప్రాజెక్టుగా చేస్తున్నారు కాబట్టి, ఆ లెక్క ఎక్కడ తప్పిందో, ఎలా సరిచేశామో మొత్తం చెప్తాను.

ముందు కొట్టు నియమాలు. కట్టిన ప్రతి నిండు 100 రూపాయలకు 2 పాయింట్లు. ఒక పాయింటు ఒక రూపాయితో సమానం. పాయింట్లు వచ్చిన రోజు నుంచి 180 రోజులు చెల్లుతాయి. వస్తువు వాపసు తెస్తే దాని మీద వచ్చిన పాయింట్లు వెనక్కి పోతాయి. పెళ్లి బట్టలకు వాపసు గడువు 30 రోజులు. ఇంతే. వినడానికి నాలుగు ముక్కలే.

ఇప్పుడు పెద్దమ్మ కథ. జనవరి 10న ఆమె 12,000 రూపాయల బట్టలు కొనింది. 240 పాయింట్లు వచ్చాయి. వాటి ఆఖరి రోజు జులై 9. శ్రావణంలో కూతురి పెళ్లి ఉందని జూన్ 20న మళ్లీ వచ్చి రెండు పట్టుచీరలు తీసుకుంది. ఒకటి 6,000, ఇంకొకటి 4,000. పాతవాటిలో 150 పాయింట్లు వాడుకుని 9,850 రూపాయలు కట్టింది. కట్టిన డబ్బు మీదే పాయింట్లు కాబట్టి 98 వందలకు 196 వచ్చాయి. ఆ రోజు చీటీలో 286 అని పడింది. అది సరైన అంకే: పాతవి 90, కొత్తవి 196. తర్వాత కూతురికి 4,000 చీర రంగు నచ్చలేదు. జులై 12న, గడువు లోపలే, దాన్ని వాపసు తెచ్చింది. డబ్బు సరిగ్గానే ఇచ్చారు. చీటీలో మాత్రం మైనస్ 34.

286 నుంచి మైనస్ 34కు ఎలా పడిపోయింది? నా తప్పులు మూడు. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది గడువు లెక్క. నేను ప్రతి ఖాతాదారుకు ఒకే ఒక అంకె పెట్టాను, `balance` అని. రోజూ అర్ధరాత్రి దాటాక ఈ ముక్క నడిచేది:

```sql
UPDATE customers
SET balance = balance - COALESCE((
  SELECT SUM(earned) FROM bills
  WHERE bills.cust_id = customers.id
  AND bill_date = date('now','localtime','-181 days')), 0);
```

చదివితే బాగానే ఉంటుంది. గడువు దాటిన బిల్లు మీద ఎన్ని పాయింట్లు వచ్చాయో అన్నీ తీసెయ్ అంటోంది. కానీ ఆ పాయింట్లలో కొన్నిటిని మనిషి ఇప్పటికే వాడేసి ఉంటే? జనవరి బిల్లు మీద వచ్చిన 240లో పెద్దమ్మ 150 వాడుకుంది. కాలం చెల్లాల్సింది మిగిలిన 90కే. నా ప్రోగ్రామ్ జులై 10న మొత్తం 240 తీసేసింది. అంటే జూన్‌లో ఖర్చుపెట్టిన 150ని జులైలో రెండోసారి లాక్కుంది. 286 కాస్తా 46 అయింది. ఉండాల్సింది 196.

ఈ తప్పు కొన్నాళ్లు ఎవరికీ కనబడదు. మొదటి 180 రోజులు దేనికీ కాలం చెల్లదు కాబట్టి అన్ని అంకెలూ సరిగ్గానే వస్తాయి. పాయింట్లు వాడనివాళ్లకు ఆ తర్వాత కూడా సరిగ్గానే వస్తుంది. వాడుకున్నవాళ్లకే నష్టం, అంటే కొట్టును నమ్మి మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకే. ప్రాజెక్టు డెమో పది నిమిషాలు. అందులో ఇది ఎలా బయటపడుతుంది?

రెండోది వాపసు పాయింట్ల లెక్క. చీర ధర 4,000 కదా అని నలభై వందలకు 80 పాయింట్లు తీసేశాను. కానీ ఆ చీరకు ఆమె 4,000 కట్టలేదు. 150 పాయింట్ల తగ్గింపును రెండు చీరలకు ధరను బట్టి పంచితే 4,000 చీర వాటాకు 60 వస్తుంది. ఆమె దానికి కట్టింది 3,940. మా బిల్లులో తగ్గింపును ఒక్కో వస్తువుకు పంచి వేసే పద్ధతి అప్పటికే ఉంది కాబట్టి డబ్బు వాపసు 3,940 అని సరిగ్గానే వచ్చింది. పాయింట్ల దగ్గర మాత్రం పాత ధరే పట్టుకున్నాను. 78 తీయాల్సిన చోట 80 తీశాను. 46 లోంచి 80 పోతే మైనస్ 34.

తేడా రెండు పాయింట్లే కదా అంటారా? దీని వెనక ఇంకో చిన్న గొయ్యి ఉంది. ఒకరు 150 రూపాయల టవళ్లు రెండు కొన్నారనుకోండి. మొత్తం 300, పాయింట్లు 6. ఒక టవల్ వాపసు తెస్తే 150లో నిండు వంద ఒకటే కాబట్టి 2 పాయింట్లు తీస్తాం. రెండోది తెచ్చినప్పుడు మళ్లీ 2. వస్తువులన్నీ వాపసు వచ్చాయి, డబ్బంతా ఇచ్చేశాం, కానీ 2 పాయింట్లు ఆయన దగ్గరే మిగిలాయి. అందుకని వాపసు వచ్చిన వస్తువు మీద లెక్క కట్టకూడదు. ఆయన దగ్గర మిగిలిన వస్తువులకు కట్టిన డబ్బెంత, దానికి ఎన్ని పాయింట్లు రావాలి అని చూసి, మొదట ఇచ్చినవాటికీ వీటికీ ఉన్న తేడాను తీయాలి. మొదటి టవల్ వెళ్లాక మిగిలింది 150, రావాల్సినవి 2, కాబట్టి 4 తీస్తాం. రెండోది వెళ్లాక రావాల్సింది సున్నా, మిగతా 2 తీస్తాం. పెద్దమ్మ లెక్క కూడా ఇలాగే చేస్తే, మిగిలిన చీరకు కట్టింది 5,910, రావాల్సినవి 118, ఇచ్చినవి 196, తీయాల్సినవి 78.

మూడోది నాకు అసలు తట్టనే తట్టలేదు. వాపసు అనగానే పాయింట్లు తీసెయ్యడమే అనుకున్నా. కానీ వాపసు రెండు వైపులా నడుస్తుంది. ఆ చీర కొనడానికి ఆమె 60 పాయింట్లు ఇచ్చింది. చీర వెనక్కి తీసుకున్నాం, డబ్బు వెనక్కి ఇచ్చాం, ఆ 60 ఏవి? అవి కొట్లోనే ఉండిపోయాయి. మోసం చేయాలని ఎవరూ అనుకోలేదు. ఆ ముక్క రాయలేదు, అంతే.

అయితే ఆ 60 వెనక్కి ఇద్దామన్నా ఒక చిక్కు వచ్చింది. అవి జనవరి పాయింట్లు. వాటి గడువు జులై 9తో అయిపోయింది. పాత తేదీతోనే ఇస్తే ఇచ్చిన మరుక్షణమే చచ్చిపోతాయి. ఇచ్చినట్టూ ఉంటుంది, ఏమీ ఇవ్వనట్టూ ఉంటుంది. పోనీ కొత్తగా 180 రోజులు ఇద్దామంటే, గడువు ముగిసే ముందురోజు ఏదో ఒకటి కొనడం, వారానికి వాపసు ఇవ్వడం, ఇంకో ఆరు నెలలు ఆయుష్షు తెచ్చుకోవడం. ఇలా ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు. మా నంద్యాల కొట్టు గుమస్తా ఈ మాట వినగానే "ఆ ఉపాయం కనిపెట్టేవాళ్లు నాకు తెలుసులే అబ్బయా" అన్నాడు.

చివరికి చిన్నాయన చెప్పిన దారి నాకు నచ్చింది. "ఆ పాయింట్లు మన దగ్గర ఉన్నన్నాళ్లు ఆమె వాడుకునేదానికి లేదు కదా. ఆ రోజులు లెక్కలోకి తీసుకోవద్దు." అంటే పాయింట్లు వాడిన రోజు గడియారం ఆపాలి, వెనక్కి ఇచ్చిన రోజు మళ్లీ తిప్పాలి. జూన్ 20న వాడినప్పుడు జులై 9కి ఇంకా 19 రోజులుంది. జులై 12న వెనక్కి ఇస్తే 19 రోజులు కలిపి జులై 31 దాకా చెల్లాలి. ఆమె పోగొట్టుకున్నదీ లేదు, అదనంగా సంపాదించిందీ లేదు.

ఇవన్నీ సరిచేయాలంటే ఒక్క `balance` అంకెతో పని జరగదని తేలిపోయింది. ఆ అంకె ఎంత మిగిలిందో చెప్తుంది. ఏ బిల్లు తాలూకువి మిగిలాయో చెప్పదు. గడువుకూ వాపసుకూ కావాల్సింది సరిగ్గా అదే.

దీనికి దారి ఇంట్లోనే దొరికింది. మా జేజినాయన కాలంనాటి చిట్టా పుస్తకాలు అటక మీద ఉన్నాయి. వాటిలో ఎక్కడా కొట్టివేత ఉండదు. తప్పు పడితే దాన్ని చెరపకుండా, కింద ఇంకో పద్దు రాసి సరిచేసేవాడు. మొత్తం ఎంతన్నది పుస్తకంలో ఒకచోట రాసిపెట్టి దిద్దుతూ పోయే అంకె కాదు. పద్దులన్నీ కూడితే వచ్చేది. పాయింట్లకు కూడా అలాంటి చిట్టా రాశాను. ప్రతి బిల్లు మీద వచ్చిన పాయింట్లు ఒక మూట. ప్రతి మూటకు తన నంబరు, తన గడువు తేదీ ఉంటాయి. వాడినా, కాలం చెల్లినా, వాపసు అయినా ఏ మూటలోంచో చెప్తూ ఒక కొత్త వరుస పడుతుంది. పాత వరుసను ఎప్పుడూ ముట్టుకోం.

పెద్దమ్మ లెక్క కొత్త చిట్టాలో ఇలా వచ్చింది:

```
lot  date    kind      points  expires_on
1    01-10   EARN       +240   07-09
1    06-20   SPEND      -150
2    06-20   EARN       +196   12-17
1    07-10   EXPIRE      -90
2    07-12   REVERSE     -78
3    07-12   RESTORE     +60   07-31
```

కూడి చూడండి. రెండో మూటలో 118, మూడో మూటలో 60, మొత్తం 178. నా పాత ప్రోగ్రామ్ చూపించింది మైనస్ 34. తేడా 212. గడువు తప్పులో 150, ధర తప్పులో 2, వెనక్కి ఇవ్వనివి 60. మూడు తప్పులూ ఒకే వైపు, కొట్టుకు లాభం వచ్చే వైపు పడ్డాయి. అదే నాకు ఎక్కువ సిగ్గు అనిపించింది. పెద్దమ్మకు కోపం రావడంలో తప్పేముంది?

వాడేటప్పుడు ఏ మూటలోంచి తీయాలన్నది కూడా ఇక్కడే తేలాలి. గడువు దగ్గర పడిన మూట ముందు వాడాలి:

```sql
SELECT lot, MIN(expires_on) AS exp, SUM(points) AS remaining
FROM points_ledger
WHERE cust_id = ?
GROUP BY lot
HAVING SUM(points) > 0
ORDER BY exp;
```

`expires_on` మూట మొదలైన వరుసలోనే ఉంటుంది, మిగతా వరుసల్లో ఖాళీ. `MIN` ఖాళీలను పట్టించుకోదు కాబట్టి మూట తేదీయే వస్తుంది. ఈ `ORDER BY` తప్పితే ఏమవుతుంది? ఒకరి దగ్గర రేపు చెల్లిపోయే 100, డిసెంబరు దాకా ఉండే 100 ఉన్నాయనుకోండి. ఆయన ఈరోజు 100 వాడితే, డిసెంబరు మూటలోంచి తీస్తే రేపటికి చేతిలో సున్నా. రేపు చెల్లేవాటిలోంచి తీస్తే డిసెంబరు దాకా 100 ఉంటాయి. కొనేవాళ్లకు మూటలు కనబడవు. కాబట్టి వాళ్ల తరఫున ఆ ఎంపిక మనం నిజాయితీగా చేయాలి.

ఇంతవరకూ కొట్టు తప్పు. రెండో వైపు కూడా చూడాలి. ఒకరు 20,000 పెట్టి కొని 400 పాయింట్లు తెచ్చుకుంటారు. మరుసటి రోజు ఆ 400తో లంగా బట్ట ఉచితంగా తీసుకుంటారు. మూడో రోజు మొదటి బట్టలన్నీ వాపసు. ఆ మూటలోంచి 400 వెనక్కి తీయాలి, మూట ఖాళీ. ఇప్పుడేం చేయాలి?

ఒక దారి, మైనస్ చూపించడం. తర్వాత కొన్నప్పుడు సర్దుకుంటుందిలే అనుకోవచ్చు. కానీ మైనస్ చూసినవాళ్లు మళ్లీ రారు, అది ఆ రోజే చూశాను. రెండో దారి, వాపసు డబ్బులోంచి 400 తగ్గించుకోవడం. లెక్కకు ఇది న్యాయమే, కానీ బిల్లు ఇచ్చేటప్పుడే చెప్పి ఉండాలి. చెప్పకుండా కౌంటర్ దగ్గర కోస్తే గొడవే. మూడోది, వాపసు గడువు అయ్యేదాకా పాయింట్లకు తాళం వేయడం. చీటీలో కనిపిస్తాయి కానీ వాడుకునేదానికి కుదరదు. గడువు అయిన రోజు తాళం తీస్తాం, 180 రోజుల లెక్క కూడా ఆ రోజే మొదలుపెడతాం. లేకపోతే తాళం వేసిన రోజులు వాళ్ల ఖాతాలోంచి పోతాయి కదా.

మేం మూడోదే తీసుకున్నాం. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆళ్లగడ్డకు బట్టల కోసం వచ్చేవాళ్లు ఎలాగూ రెండు మూడు నెలలకోసారి వస్తారు కాబట్టి వాళ్లకు తాళం తెలియను కూడా తెలియలేదు. నంద్యాలలో మాత్రం "ఇచ్చినట్టే ఇచ్చి ఆపుతారేంది" అని కొందరు అన్నారు. రోజూ కొనే సరుకుల కొట్టయితే ఈ పద్ధతి నప్పదు. అక్కడ వాపసు తక్కువ, వాడకం ఎక్కువ. రెండో దారే మేలు.

తాళం ఉన్నా ఒక సందర్భం మిగులుతుంది. గడువు దాటాక జరీ నల్లబడిందని ఎవరైనా తెస్తే చిన్నాయన కాదనడు. అప్పటికి ఆ మూటలో పాయింట్లు లేకపోతే, ఎందుకు లేవో చూడాలి. వాడేసి ఉంటే ఆ మేరకు డబ్బులో తగ్గించడం సబబు. కాలం చెల్లిపోయి ఉంటే తీయాల్సిందేమీ లేదు. వాళ్లకు ఆ పాయింట్ల వల్ల ఏ లాభమూ రాలేదు. వేరే మూటలోంచి తీస్తే అది ఇంకోసారి లాక్కోవడమే. `SPEND`, `EXPIRE` అని వేరువేరు వరుసలు రాయడం వల్ల ఈ తేడా చెప్పగలుగుతున్నాం. ఒక్క అంకెలో ఇది ఎప్పటికీ తెలియదు.

అసలు ఈ గడువు ఎందుకు, పాయింట్లు అలాగే ఉంచితే ఏం పోతుంది అని చిన్నాయనను అడిగాను. ఆయన "బాకీ ఎన్నాళ్లని మోస్తాం రా" అన్నాడు. తర్వాత చదివితే పెద్ద కంపెనీల లెక్కల పద్ధతి కూడా ఇదే మాట అంటోంది. మన దేశంలో 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇండ్ ఏఎస్ 115 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం, పాయింట్లు ఇచ్చి అమ్మితే వచ్చిన డబ్బంతా వెంటనే ఆదాయం కింద రాసుకోకూడదు. పాయింట్ల వాటా పక్కన పెట్టాలి. కొన్నవాళ్లు ఆ పాయింట్లు వాడుకున్నప్పుడో, వాటికి కాలం చెల్లినప్పుడో ఆ వాటా ఆదాయమవుతుంది. అంటే పాయింటు కొట్టు ఇచ్చే బహుమానం కాదు, ముందే డబ్బు తీసుకుని తర్వాత ఇస్తానన్న సరుకు. మా చిన్న కొట్టుకు ఆ ప్రమాణం వర్తించదు కానీ ఆ ఆలోచన వర్తిస్తుంది. అందుకే ఇప్పుడు గడువుకు పది రోజుల ముందు ఫోనుకు మెసేజ్ పంపుతున్నాం.

మీ ప్రాజెక్టులో లెక్క సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి నేను ఇప్పుడు రెండు పరీక్షలు చేస్తున్నా. ఒకటి, పాయింట్లు కొన్ని వాడి ఏదైనా కొనండి, మొత్తం వాపసు ఇవ్వండి. ముక్కలుగా ఇచ్చినా, ఒకేసారి ఇచ్చినా కొనకముందు ఉన్న అంకే రావాలి, మిగిలిన రోజులూ అన్నే ఉండాలి. రెండు, ప్రతి మూటకూ విడిగా కూడండి. ఏ ఒక్క మూటా సున్నా కిందకు పోకూడదు. మొత్తం సరిగ్గా ఉండి ఒక మూట మైనస్‌లో ఉన్నా ఎక్కడో తప్పు దాక్కుని ఉందనే. తేదీని ముందుకు జరిపి ఈ రెండూ నడిపి ఉంటే నా మూడు తప్పులూ ఒక సాయంత్రంలో దొరికేవి.

పాత బిల్లులన్నీ కొత్త చిట్టాలో మొదటి నుంచి పోసి చూశాను. రెండు కొట్లలో కలిపి పెద్దమ్మ కాక ఇంకా పదకొండు మందికి తక్కువ పడ్డాయి. ఒక్కరూ అడగలేదు. అడగనివాళ్లకు కూడా కలిపి, చీటీ మీద కారణం రాయమన్నాడు చిన్నాయన.

పెద్దమ్మకు 178 అని కొత్త చీటీ ఇవ్వడానికి నేనే ఆళ్లగడ్డ బస్సెక్కాను. 60కి జులై 31 దాకానే గడువు అని చెప్పాను. ఆమె చీటీ రెండుసార్లు చూసి, "పోయినసారి రెండొందల ఎనభై ఆరు ఉండె కదా, మిగతావి ఏమాయె?" అంది. కౌంటర్ మీద కాగితం పెట్టి ఆ ఆరు వరుసలు తెలుగులో రాసి చూపించాను. జనవరివి తొంభైకి కాలం చెల్లింది, చీర వాపసుకు డెబ్భై ఎనిమిది పోయాయి, అరవై తిరిగొచ్చాయి. వేలి మీద లెక్కపెట్టుకుని తలూపింది.

"ఇది ముందే చెప్పుంటే అయిపోవు కదా నాయనా" అంది. ఆ అరవైకి వాళ్లాయనకు కండువా తీసుకుని పోయింది.